కేస్ స్టడీ ఆన్సర్ ఎట్లా కట్టాలి: రాయదుర్గం జీన్స్ యూనిట్ కేసు పెట్టుకొని స్వాట్, పెస్టల్ మొదటి నుంచి చివరిదాకా

అనంతపురంలో ఎంబీఏ పిల్లలకి కేస్ స్టడీ క్లాసులు చెప్తుంటాను. ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనపడేది ఒకటే, నాలుగు గళ్లు గీసి అందులో "మంచి క్వాలిటీ, అనుభవం ఉన్న స్టాఫ్, పెరుగుతున్న మార్కెట్, పోటీ" అని రాసేసి, కింద పెస్టల్ కి ఆరు అక్షరాలు వేసి ఒక్కో దాని పక్కన ఒక్కో లైన్ పెట్టి, చివర్లో "కాబట్టి కంపెనీ మార్కెటింగ్ మీద దృష్టి పెట్టాలి" అని ముగించేస్తారు. ఆ ఆన్సర్లో కంపెనీ పేరు కొట్టేసి ఆసుపత్రి పేరు రాసినా సరిపోతుంది, సిమెంట్ ఫ్యాక్టరీ పేరు రాసినా సరిపోతుంది. అంటే కేసు చదవకుండా కూడా అది రాయొచ్చు, మార్కులు పోయేది అక్కడే.

స్వాట్ అంటే బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే నాలుగు గళ్లు; పెస్టల్ అంటే రాజకీయం, ఆర్థికం, సామాజికం, టెక్నాలజీ, పర్యావరణం, చట్టం అనే ఆరు బయటి అంశాలు. స్వాట్ గానీ పెస్టల్ గానీ ఆన్సర్ కాదు. అవి కేసులో ఉన్న సమాచారాన్ని జల్లెడ పట్టే పద్ధతులు మాత్రమే. ఆన్సర్ అంటే కేసు చివర్లో అడిగిన ప్రశ్నకి మీరు ఇచ్చే నిర్ణయం, ఆ నిర్ణయానికి కేసులోంచి చూపించే ఆధారం. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది, కాబట్టి ఒక కేసు పెట్టుకొని మొత్తం చేసి చూపిస్తా. ఇది క్లాసులో ప్రాక్టీస్ కోసం నేను రాసుకున్న కేసు, నిజమైన యూనిట్ ఏదీ కాదు, అంకెలన్నీ ప్రాక్టీస్ కోసం వేసినవే. మన రాయదుర్గంలో జీన్స్ కుట్టు పని ఎంత ఉందో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ పెట్టినాను.

ముందు కేసు

పేరా 1. రాయదుర్గంలో ఒక జీన్స్ కుట్టు యూనిట్ 11 ఏళ్లుగా నడుస్తోంది. 40 మెషీన్లు, 52 మంది పనివాళ్లు, వాళ్లలో 38 మంది ఆడవాళ్లు. నెలకి 18,000 ప్యాంట్లు కుట్టే కెపాసిటీ ఉంది, పోయిన ఏడాది సగటున నెలకి 11,500 కుట్టినారు.

పేరా 2. అమ్మకాల్లో 70 శాతం ఇద్దరు హోల్‌సేలర్లకే పోతుంది, ఒకరు బళ్లారి, ఒకరు బెంగళూరు. వాళ్లు డబ్బులు 90 రోజులకి ఇస్తారు. డెనిమ్ బట్ట ఇచ్చే మిల్లుకి మాత్రం 30 రోజుల్లో కట్టాలి. ప్యాంటు సగటు అమ్మకం ధర ₹420, ఖర్చు ₹378. నెలాఖరుకి బ్యాంక్ ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్, నిండిపోతుంటుంది.

పేరా 3. కుట్టు బాగుంటుంది, నూటికి రెండు ప్యాంట్లు మాత్రమే వెనక్కి వస్తాయి. ఇద్దరు కటింగ్ మాస్టర్లు మొదటి రోజు నుంచి ఉన్నారు. సైజుల లెక్కలన్నీ వాళ్ల నోటిలెక్కే, కాగితం మీద ఏమీ లేదు.

పేరా 4. వాషింగ్ బయట ఒక యూనిట్లో చేయిస్తారు. రెండేళ్ల కింద ప్యాంటుకి ₹26 ఉన్న వాషింగ్ రేటు ఇప్పుడు ₹38. పొల్యూషన్ బోర్డు నోటీసు వచ్చి వాష్ యూనిట్ వాళ్లు మురుగునీళ్ల శుద్ధి ప్లాంట్ పెట్టాల్సి వచ్చింది, ఆ ఖర్చు రేటు మీద వేసినారు. మార్చి నుంచి మే దాకా నీళ్లు లేక వారానికి 3 రోజులే వాషింగ్ నడుస్తుంది, ఆ నెలల్లో సరుకు సగటున 12 రోజులు లేటు అవుతుంది.

పేరా 5. ఒక ఆన్‌లైన్ బ్రాండ్ నెలకి 5,000 ప్యాంట్లు అడుగుతోంది. ధర ₹465, డబ్బులు 30 రోజుల్లో, 12 నెలల ఒప్పందం. బట్ట మందం ఎక్కువ కాబట్టి ఖర్చు ₹404 అవుతుంది. సైజు స్పెసిఫికేషన్ రాతపూర్వకంగా ఉండాలి, సరుకు 5 రోజులకి మించి లేటయితే బిల్లులో 4 శాతం కోత. ఓనర్ కొడుకు తీసుకుందామంటాడు. ఓనర్ మాత్రం "పాత హోల్‌సేలర్లు కోపం చేసుకుంటారు, వాళ్లు పోతే మనం ఏం తినాల" అంటాడు.

ప్రశ్న: స్వాట్, పెస్టల్ వాడి విశ్లేషించి, ఈ ఆర్డర్ తీసుకోవాలా వద్దా చెప్పండి.

1. ప్రశ్న ముందు, కేసు తర్వాత

కేసు చదివే ముందు చివర్లో ఉన్న ప్రశ్న చదవండి. ఇక్కడ అడిగింది యూనిట్ ఎట్లా ఉంది అని కాదు, ఆర్డర్ తీసుకోవాలా వద్దా అని. ఇది రఫ్ పేజీ పైన ఒక లైన్లో రాసి పెట్టుకోండి. తర్వాత మీరు రాసే ప్రతి పాయింటు ఈ లైన్‌ని తాకాలి, తాకకపోతే అది ఎంత మంచి పాయింటైనా వదిలేయండి. ప్రశ్న గుర్తుపెట్టుకొని చదివితే కేసులో ఏ అంకె పనికొస్తుందో ఏది కాదో కన్నుకి వెంటనే ఆనుతుంది.

చదివేటప్పుడు పేరాలకి నంబర్లు వేసుకోండి, ఇది చిన్న పని, పది సెకన్లు పడుతుంది, కానీ తర్వాత ఆన్సర్లో "పేరా 4 ప్రకారం" అని రాయడానికి ఇదే ఆధారం. దిద్దే మనిషికి వెతుక్కునే పని తగ్గుతుంది, మీరు కేసు చదివినారని నమ్మకం కుదురుతుంది.

2. కేసులో ఉన్నది మూడు రకాలు, వేరు చేయండి

కేసులో అన్ని వాక్యాలకీ ఒకే బరువు ఉండదు. కొన్ని అంకెలు, నెలకి 11,500, 90 రోజులు, ₹38 లాంటివి. కొన్ని జరిగిన సంగతులు, పొల్యూషన్ బోర్డు నోటీసు వచ్చింది, సైజులు కాగితం మీద లేవు. కొన్ని మనుషుల మాటలు. ఓనర్ "హోల్‌సేలర్లు కోపం చేసుకుంటారు" అన్నాడు కదా, అది ఆయన భయం, జరిగిన విషయం కాదు. చాలామంది దీన్ని తీసుకెళ్లి "ముప్పు: హోల్‌సేలర్లు వెళ్లిపోతారు" అని రాసేస్తారు. అట్లా రాయకూడదు. "హోల్‌సేలర్లు వెళ్లిపోవచ్చని ఓనర్ అనుకుంటున్నాడు, కేసులో దానికి ఇంకే ఆధారమూ లేదు, కానీ 70 శాతం అమ్మకం వాళ్ల చేతిలో ఉంది కాబట్టి లెక్క వేసి చూడాలి" అని రాయాలి. ఈ రెండిటికీ మధ్య తేడా దిద్దే మనిషికి మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

నాలుగో రకం ఒకటుంది, అది కేసులో కనపడదు, మీరు తయారు చేయాలి. రెండు అంకెలు కలిపితే వచ్చే మూడో అంకె. నా లెక్కన అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే, ఎందుకంటే పక్కవాళ్లు కేసులో ఉన్న లైన్ ఎత్తి రాస్తారు, మీరు దాంట్లోంచి కొత్త విషయం బయటికి తీస్తారు. మన కేసులో ఏమేం వస్తాయో చూడండి.

18,000 కెపాసిటీలో 11,500 కుడుతున్నారు, అంటే దాదాపు 64 శాతం. ఖాళీ 6,500. కొత్త ఆర్డర్ 5,000 కాబట్టి కొత్త మెషీన్ కొనకుండా సరిపోతుంది.

ఇప్పుడు ప్యాంటుకి మిగిలేది ₹42, నెలకి 11,500 మీద ₹4,83,000. కొత్త ఆర్డర్లో ప్యాంటుకి ₹61, 5,000 మీద నెలకి ₹3,05,000.

నెల అమ్మకం 11,500 ఇంటూ ₹420, అంటే ₹48.3 లక్షలు. అందులో 70 శాతం దాదాపు ₹33.8 లక్షలు. అది 90 రోజులు బయటే ఉంటుంది కాబట్టి ఏ రోజు చూసినా ఆ ఇద్దరి దగ్గర దాదాపు కోటి రూపాయలు ఇరుక్కొని ఉంటుంది. ఓడీ ఎందుకు నిండిపోతోందో కేసు చెప్పదు, ఈ లెక్క చెప్తుంది.

3. పెస్టల్ ముందు, స్వాట్ తర్వాత

ఇది చాలామంది తిరగేసి చేస్తారు, స్వాట్ అయిపోయినాక పెస్టల్ ని విడిగా ఒక పేజీ రాస్తారు, రెండిటికీ సంబంధం ఉండదు. స్వాట్‌లో అవకాశాలు, ముప్పులు అనే రెండు గళ్లు బయటి పరిస్థితుల గురించి. పెస్టల్ మొత్తం బయటి పరిస్థితుల గురించే. అంటే పెస్టల్ లో తేలిందే ఆ రెండు గళ్లలోకి పోవాలి. ముందు పెస్టల్ చేసుకుంటే స్వాట్‌లో సగం పని అయిపోయినట్టే.

ఇంకో మాట, ఆరు అక్షరాలూ నింపాలని రూలేమీ లేదు. మన కేసులో రాజకీయం గురించి ఒక్క ముక్క లేదు. అక్కడ "ప్రభుత్వ ప్రోత్సాహం ఉంది" అని రాస్తే అది కేసులోంచి రాలేదని దిద్దేవాళ్లకి తెలుసు. "ఈ నిర్ణయాన్ని మార్చే రాజకీయ అంశం కేసులో లేదు" అని ఒక లైన్ రాసి ముందుకి పోండి. నిర్ణయాన్ని నిజంగా కదిలించే రెండు మూడు అంశాలకి ఎక్కువ చోటు ఇవ్వండి.

ఇక్కడ ఆ అంశాలు ఏవంటే, పర్యావరణం, చట్టం, ఆర్థికం.

పర్యావరణం ఈ కేసుకి గుండెకాయ. జీన్స్‌కి ఆ మెత్తదనం, ఆ రంగు వాషింగ్‌లోనే వస్తాయి, దానికి నీళ్లు బాగా కావాలి, మనదేమో దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. మార్చి నుంచి మే దాకా వారానికి 3 రోజులే వాషింగ్, 12 రోజుల లేటు, ఇది పేరా 4. పేరా 5లో బ్రాండ్ ఒప్పుకునే లేటు 5 రోజులు. ఈ రెండు పేరాల్నీ పక్కపక్కన పెట్టినవాళ్లకే అసలు సమస్య కనపడుతుంది: ఎండాకాలం మూడు నెలలూ కోత పడే ప్రమాదం ఉంది.

చట్టం దగ్గర రెండు పోగులున్నాయి. ఒకటి కేసులోనే ఉంది, పొల్యూషన్ బోర్డు నోటీసు వల్ల వాషింగ్ రేటు ₹26 నుంచి ₹38కి పోయింది, అంటే ప్యాంటుకి ₹12. ఇప్పుడు మిగులుతున్నదే ₹42 అయినప్పుడు ₹12 చిన్నదేమీ కాదు. రెండోది కేసు బయటిది. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం చిన్న యూనిట్ దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకి మించి డబ్బులు ఆపకూడదు. హోల్‌సేలర్లు 90 రోజులు తీసుకుంటున్నారు. ఇది వాడొచ్చా అంటే వాడొచ్చు, కానీ పద్ధతి ఉంది, దాని గురించి కింద చెప్తా.

ఆర్థికం కింద కొత్త బ్రాండ్ ఇచ్చే ధర, 30 రోజుల పేమెంట్ వస్తాయి. టెక్నాలజీ కింద ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగి చిన్న యూనిట్ల దాకా బ్రాండ్లు వస్తున్నాయని ఒక లైన్ చాలు, దానికి కేసులో ఆధారం ఆ ఆర్డరే, అంతకుమించి సాగదీయొద్దు.

సామాజికం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పోయిన బ్యాచ్‌లో ఒక అమ్మాయి అడిగింది, "మేడమ్, 52 మందిలో 38 మంది ఆడవాళ్లు కదా, అది సోషల్ కాదా?" అని. మంచి ప్రశ్న. నేను ఆమెనే తిరిగి అడిగినాను, "ఆ 38 మంది యూనిట్ లోపల ఉన్నారా, బయట ఉన్నారా అమ్మా?" లోపల. అంటే అది పెస్టల్ కాదు, పెడితే గిడితే బలాల్లోనో బలహీనతల్లోనో పెట్టాలి. అక్కడ కూడా ఆ అంకె ఈ నిర్ణయానికి ఏం చెప్తోందో కేసులో లేదు, కాబట్టి వదిలేయాలి. "రాయదుర్గం నుంచి కుట్టు తెలిసిన పిల్లలు బెంగళూరుకి పోతున్నారు" అని కేసులో ఉండి ఉంటే అప్పుడది సామాజిక అంశం అయ్యేది.

4. ఇప్పుడు స్వాట్

లోపల, బయట తేల్చుకోవడానికి నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఒకటే: ఓనర్ రేపు పొద్దున్నే గట్టిగా అనుకుంటే దాన్ని మార్చగలడా? మార్చగలిగితే లోపలిది, బలం లేదా బలహీనత. మార్చలేకపోతే బయటిది. సైజులు కాగితం మీద లేకపోవడం, ఓనర్ అనుకుంటే నెలలో రాయించగలడు, కాబట్టి బలహీనత. ఎండాకాలం నీళ్లు లేకపోవడం ఆయన చేతిలో లేదు, కాబట్టి ముప్పు. వాషింగ్ మొత్తం ఒకే యూనిట్ మీద ఆధారపడటం మాత్రం ఆయన తీసుకున్న నిర్ణయమే, అది బలహీనత. చూడండి, ఒకే వాషింగ్ సంగతి రెండు గళ్లలోకి రెండు ముక్కలుగా పోయింది, అది తప్పు కాదు, ఏ ముక్క ఎందుకు ఎక్కడ ఉందో తెలిసి పెట్టాలి, అంతే.

అవకాశాల గడిలో జరిగే తప్పు ఇంకోటి. "సొంత వాష్ యూనిట్ పెట్టుకోవడం" అని అవకాశంగా రాస్తారు. అది అవకాశం కాదు, మనం చేయబోయే పని, దాని చోటు సిఫార్సులో. అవకాశం అంటే మనం ఏమీ చేయకపోయినా బయట ఉన్న పరిస్థితి. బ్రాండ్ 5,000 ప్యాంట్లు అడుగుతోంది, 30 రోజుల్లో డబ్బులు ఇస్తానంటోంది, ఇవి అవకాశాలు.

గడికి రెండు, మహా అయితే మూడు పాయింట్లు. మన కేసుకి నేనయితే ఇట్లా పెడతా. బలాలు: 6,500 ప్యాంట్ల ఖాళీ కెపాసిటీ, నూటికి రెండే రిటర్న్‌లు. బలహీనతలు: ఇద్దరి మీదే 70 శాతం అమ్మకం వల్ల ఇరుక్కున్న దాదాపు కోటి రూపాయలు, కాగితం మీద లేని సైజులు, ఒకే వాష్ యూనిట్. అవకాశాలు: ప్యాంటుకి ₹61 మిగిలే ఆర్డర్, 30 రోజుల పేమెంట్. ముప్పులు: ఎండాకాలం 12 రోజుల లేటు, పెరుగుతున్న వాషింగ్ రేటు, హోల్‌సేలర్ల మీద ఓనర్ భయం.

ఖాళీ కెపాసిటీని బలం అనాలా బలహీనత అనాలా అని కొట్టుకుంటుంటారు. 36 శాతం మెషీన్లు ఊరికే ఉండటం మామూలుగా అయితే బలహీనతే. కానీ అడిగిన ప్రశ్న కొత్త ఆర్డర్ గురించి, ఆ ప్రశ్నకి అది బలం. ఎందుకు అక్కడ పెట్టినారో ఒక్క మాట రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

5. ఒక పాయింటు ఎట్లా రాయాలి

ఇదే అసలు పని, ఇక్కడ తొందరపడొద్దు. ప్రతి పాయింటులో మూడు ఉండాలి: కేసులో ఏముంది, దాని అర్థం ఏంది, మన నిర్ణయాన్ని అది ఎటు లాగుతుంది. మూడోది లేకపోతే పాయింటు గాల్లో వేలాడుతుంది.

బలహీనంగా రాస్తే ఇట్లా ఉంటుంది: "కంపెనీకి నీటి కొరత పెద్ద ముప్పు. పర్యావరణ సమస్యలు వ్యాపారాన్ని దెబ్బతీస్తాయి."

బలంగా రాస్తే: "మార్చి నుంచి మే వరకు వాషింగ్ వారానికి 3 రోజులే నడుస్తుంది, సరుకు 12 రోజులు లేటవుతుంది (పేరా 4). బ్రాండ్ ఒప్పుకునేది 5 రోజులే (పేరా 5), కాబట్టి ఏడాదిలో మూడు నెలలు 4 శాతం కోత పడవచ్చు. ₹465లో 4 శాతం ₹18.60. కోత పోగా ప్యాంటుకి ₹42.40 మిగులుతుంది, ఇది ఇప్పుడు మిగులుతున్న ₹42కి తక్కువ కాదు. అందువల్ల కోత ఒక్కటే ఆర్డర్ వదులుకోవడానికి కారణం కాదు, కానీ వరుసగా మూడు నెలలు లేటయితే ఏడాది తర్వాత ఒప్పందం కొనసాగకపోవచ్చు."

ఈ రెండో దాంట్లో ఏం జరిగిందో గమనించండి. లెక్క వేసేసరికి మనం భయపడిన ముప్పు అనుకున్నంత పెద్దది కాదని తేలింది. నీళ్ల కొరత అనగానే "వద్దు" అని రాసేవాళ్లు తప్పులో పడతారు, అసలు పట్టించుకోనివాళ్లు కూడా తప్పులో పడతారు. చివరి వాక్యంలో "కొనసాగకపోవచ్చు" అని ఎందుకు రాసినామంటే అది కేసులో లేదు, మన ఊహ. ఊహని ఊహలాగే రాయాలి.

ఓనర్ భయాన్ని కూడా ఇట్లాగే తూచాలి. హోల్‌సేలర్లిద్దరికీ పోయేది 70 శాతం, అంటే నెలకి దాదాపు 8,050 ప్యాంట్లు, ₹42 చొప్పున ₹3,38,100. కొత్త ఆర్డర్ తెచ్చేది ₹3,05,000. ఇద్దరూ ఒకేసారి పోతే నెలకి ₹33,100 నష్టం. అంటే పెద్దాయన భయం ఊరికే కాదు. కానీ ఇద్దరూ చెరిసగం తీసుకుంటున్నారనుకొని, ఒక్కరే పోతే కొత్త ఆర్డర్ ఆ లోటు పూడ్చి ఇంకా మిగులుతుంది. ఎవరు ఎంత తీసుకుంటారో కేసు చెప్పలేదు కాబట్టి "చెరిసగం అనుకుంటే" అన్న మాట ఆన్సర్లో రాసి తీరాలి.

బయటి విషయం ఎంతవరకు వాడొచ్చు

ఎంఎస్ఎంఈ చట్టం సంగతి చెప్తానన్నాను కదా. బయట తెలిసిన విషయం కేసులోని ఒక అంకెకి అర్థం చెప్పడానికి వాడితే మంచిది, కేసులో లేని కొత్త కథ మొదలుపెట్టడానికి వాడితే చెడ్డది. 90 రోజులు కేసులో ఉంది, 45 రోజుల చట్టం దాన్ని వివరిస్తుంది, కాబట్టి చెల్లుతుంది. కానీ ఆ రక్షణ దొరకాలంటే యూనిట్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఉందో లేదో కేసులో లేదు. అందుకే "ఉద్యమ్‌లో నమోదై ఉంటే, 45 రోజుల పరిమితిని చూపించి హోల్‌సేలర్లతో గడువు తగ్గించమని మాట్లాడవచ్చు" అని రాయాలి. బయటి విషయం మొత్తం ఆన్సర్లో ఒకటి రెండు చోట్ల చాలు. అంతకుమించితే కేసు పక్కకి పోయి జనరల్ నాలెడ్జ్ వ్యాసం అయిపోతుంది. ఖచ్చితంగా తెలియని చట్టం పేరు, సంవత్సరం మాత్రం రాయనే వద్దు.

6. గళ్లని కలపడం

స్వాట్ రాసి ఆపేస్తే అది జాబితా. దాన్ని నిర్ణయంగా మార్చాలంటే ఒక గడిలోది తీసి ఇంకో గడిలోదానికి ఎదురు పెట్టాలి. దీన్నే టోవ్స్ అంటారు, 1982లో హైన్జ్ వైరిక్ అనే ప్రొఫెసర్ చెప్పిన పద్ధతి. నాలుగు జతలూ రాయాల్సిన పని లేదు, ఈ కేసుని తేల్చే జతలు మూడే.

బలం, అవకాశం: ఖాళీగా ఉన్న 6,500, కావాల్సిన 5,000. కొత్త మెషీన్ ఖర్చు లేకుండా నెలకి ₹3,05,000. ఇది "తీసుకో" అంటుంది.

బలహీనత, అవకాశం: ఇద్దరి మీద ఆధారపడటం, 90 రోజుల డబ్బు. కొత్త ఆర్డర్ వస్తే మూడో పెద్ద కొనేవాడు వస్తాడు, అతని డబ్బు 30 రోజుల్లో వస్తుంది. ఇది కూడా "తీసుకో" అంటుంది, పైగా యూనిట్‌కి ఉన్న పాత జబ్బుకి ఇది కొంత మందు కూడా. అయితే రాతపూర్వక సైజులు లేకుండా ఆర్డర్ మొదలుపెట్టలేరు, కాబట్టి ముందు ఆ పని జరగాలి.

బలహీనత, ముప్పు: ఒకే వాష్ యూనిట్, ఎండాకాలం నీళ్లు. ఇది "ఆగు" అంటుంది. ఇక్కడ ఒక విషయం చాలామంది చూడరు, కొత్త ఆర్డర్ వస్తే వాషింగ్‌కి పోయేవి 11,500 నుంచి 16,500 అవుతాయి. ఇప్పటి సరుకుకే 12 రోజుల లేటు అయితే అంత సరుకుకి లేటు ఇంకా పెరగొచ్చు, పాత హోల్‌సేలర్ల సరుకు కూడా వెనకబడొచ్చు. అంటే ఓనర్ భయపడిన కోపం ఆర్డర్ తీసుకున్నందుకు కాకుండా వాళ్ల సరుకు లేటయినందుకు రావచ్చు. కుట్టే మెషీన్లు ఖాళీ ఉన్నాయి కదా అని సంతోషపడితే సరిపోదు, అసలు ఇరుకు వాషింగ్ దగ్గర ఉంది. ఈ పాయింటు రాసినవాళ్ల షీటు నేను రెండోసారి చదువుతా, అంత ఇష్టం నాకు.

7. సిఫార్సు

సిఫార్సు మొదటి వాక్యంలోనే తీసుకోవాలా వద్దా తేల్చేయండి. "రెండు వైపులా లాభనష్టాలు ఉన్నాయి, మేనేజ్‌మెంట్ ఆలోచించుకోవాలి" అని రాస్తే అడిగిన ప్రశ్నకి జవాబు రాయనట్టే. తర్వాత ఎవరు, ఏం, ఎప్పటిలోగా చేయాలో, దాని వెనక ఏ పాయింటు ఉందో చెప్పాలి. నేను రాస్తే ఇట్లా రాస్తా:

"ఆర్డర్ తీసుకోవాలి, కానీ రెండు పనులు పూర్తి కావాలి. ఒకటి, సంతకం పెట్టే ముందే కటింగ్ మాస్టర్లిద్దరినీ కూర్చోబెట్టి సైజు చార్ట్ నెలలోపు రాయించాలి, లేకపోతే బ్రాండ్ షరతే నెరవేరదు (పేరా 3, 5). రెండు, ఫిబ్రవరి చివరిలోగా ఇంకో వాష్ యూనిట్‌తో వారంలో కనీసం రెండు రోజులకి రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే వాషింగ్‌కి పోయే సరుకు 16,500 అవుతుంది. ఎండాకాలం సరుకులో కొంత భాగాన్ని జనవరి, ఫిబ్రవరిలోనే కుట్టి వాష్ చేయించి పెట్టుకోవాలి, దానికి నెలకి 1,500 ప్యాంట్ల కెపాసిటీ ఇంకా మిగులుతుంది. మార్చి నుంచి మే వరకు లేటు పరిమితిని 5 నుంచి 10 రోజులకి పెంచమని బ్రాండ్‌ని అడగాలి. ఫిబ్రవరి చివరికి రెండో వాష్ యూనిట్ దొరకకపోతే ఎండాకాలం మూడు నెలలూ ఆర్డర్‌ని నెలకి 3,000 ప్యాంట్లకి తగ్గించమని బ్రాండ్‌తో మాట్లాడాలి."

చివరి వాక్యం గమనించండి, అనుకున్నది జరగకపోతే ఏం చేయాలో, ఎప్పుడు తెలుస్తుందో ఉంది. సిఫార్సులో ఇది ఉంటే మీ నిర్ణయం నిజంగా ఆలోచించి తీసుకున్నదని అర్థమవుతుంది. ముందే తయారు చేసుకోవడంలో ఒక చిక్కు ఉంది, దాన్ని కూడా ఒప్పుకోవాలి: జనవరి, ఫిబ్రవరి రెండు నెలల్లో 1,500 చొప్పున 3,000 ప్యాంట్లు అదనంగా కుడితే ఒక్కోదానికి ₹404 చొప్పున ₹12,12,000 సరుకులో ఇరుక్కుంటుంది, ఓడీ ఇప్పటికే నెలాఖరుకి నిండిపోతోంది. ఓడీ లిమిట్ ఎంతో కేసులో లేదు. కాబట్టి "బ్యాంక్ లిమిట్ చూసుకొని" అనే షరతు పెట్టండి, లేదా హోల్‌సేలర్ల గడువు 90 నుంచి 60కి తగ్గితే ఆ ఇద్దరికీ పోయే నెల అమ్మకం అంత డబ్బు, అంటే దాదాపు ₹33.8 లక్షలు, విడుదలవుతుందని రాయండి. మీ సిఫార్సులో ఉన్న ఇబ్బంది మీరే చెప్తే దిద్దేవాళ్లు వేరే వెతకరు.

షీటు మీద ఏది ముందు, ఏది తర్వాత

రఫ్‌లో పెస్టల్, స్వాట్ చేసినా షీటు మీద ముందు రెండు మూడు లైన్లలో సమస్య రాయండి: యూనిట్‌కి ఖాళీ కెపాసిటీ ఉంది, డబ్బు ఇరుక్కుంది, వాషింగ్ ఇరుకుగా ఉంది, ఈ మూడిటి మధ్య కొత్త ఆర్డర్ గురించి నిర్ణయం. మీ నిర్ణయం కూడా అక్కడే ఒక లైన్లో చెప్పేయండి. తర్వాత పెస్టల్ పేరాలుగా, తర్వాత స్వాట్ పట్టిక చిన్నదిగా, దాని కింద మూడు జతలు, చివర సిఫార్సు. పట్టికలో పాయింటుకి మూడు నాలుగు మాటలు, పేరా నంబరు చాలు, వివరమంతా కింద వాక్యాల్లో రావాలి. పట్టికలోనే అంతా కుక్కితే అర్థం ఎక్కడా కనపడదు.

గంట టైముంటే నేను చెప్పే లెక్క, చదవడానికి పది నిమిషాలు, రఫ్‌లో అంకెలు, గళ్లు పదిహేను, రాయడానికి ముప్పై, చివరి ఐదు నిమిషాలు ప్రతి పాయింటు పక్కన పేరా నంబరు ఉందా లేదా చూసుకోవడానికి. నంబరు లేని పాయింటు కనపడితే దాని ఆధారం కేసులో ఉందేమో వెతకండి, దొరక్కపోతే కొట్టేయండి. టైము చాలకపోతే పెస్టల్ ని రెండు అంశాలకి కుదించండి, పట్టిక వదిలేయండి, జతలు, సిఫార్సు మాత్రం వదలొద్దు. ఈ కేసులో అయితే వాషింగ్ పేరా, ఇరుక్కున్న కోటి పేరా, ఓనర్ భయం లెక్క, సిఫార్సు, ఈ నాలుగే రాసినా నేను మంచి మార్కులే వేస్తా.